కుడివైపు తిరిగితే చప్పుడు

ఆ కారు మాటెత్తితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కారు చేసిన తప్పేమీ లేదు, పాపం. అది తన బాధ తను చెప్పుకుంటూనే ఉంది. వినాల్సిన మనిషే వినలేదు. ఆ మనిషి నా మొగుడు.

మార్కాపురంలో మాకు పలకల వ్యాపారం. అప్పటికింకా దొరల కాలమే, ఊళ్లో కార్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. కర్నూలు నుంచి బదిలీ అయిపోతున్న ఒక దొర దగ్గర మా ఆయన సీమ నుంచి ఓడలో వచ్చిన కారు ఒకటి కొన్నాడు. మిగతా కార్లకు వెనక చక్రాలు తోస్తే, దీనికి ముందు చక్రాలే బండిని లాగుతాయట. ఇంటికి ఎవరు వచ్చినా, మంచినీళ్లు ఇచ్చేలోపే ఆ సంగతి చెప్పాల్సిందే. "మన ఎద్దుల మాదిరే! ముందరుండి లాగుతాది. అందరి కార్లూ వెనకనుంచి నూకుతాయి, ఇది అట్ల కాదు" అనేవాడు. విని విని నాకు ఆ ఎద్దుల పోలిక మీద విరక్తి పుట్టింది.

ఆ కారేసుకుని రోజూ పలకల గనుల దగ్గరికి పోయేవాడు. అక్కడ దారి నిండా రాతి పెచ్చులు, దుమ్ము. కొన్నాళ్లకు కారు కుడివైపు తిరిగినప్పుడల్లా ముందర ఎడమ చక్రం దగ్గర టక్, టక్, టక్ అని చప్పుడు మొదలైంది. మెల్లగా పోతూ స్టీరింగు బాగా తిప్పితేనే వినపడేది. తిన్నగా పోతుంటే ఏమీ ఉండదు. మా వీధి మలుపులో ఆ చప్పుడు వినగానే అరుగుల మీద కూర్చున్నవాళ్లు తలలెత్తి చూసేవాళ్లు. మా ఆయనకు తల తీసేసినట్టుండేది.

దానికి ఆయన కనిపెట్టిన మందు వింటే మీరు నవ్వుతారు. నాకైతే నవ్వు రాదు. కుడివైపు తిరగడం మానేశాడు! కుడికి పోవాల్సి వస్తే ఎడమకు, ఎడమకు, మళ్లీ ఎడమకు తిరిగి, ఊరంతా చుట్టి అదే దారికి వచ్చేవాడు. రెండడుగుల దూరంలో ఉన్న బట్టల కొట్టుకు నన్ను పెట్టుకుని ఊరేగింపు తీసేవాడు. "రోగం కుదుర్చుకోండి, దాచుకోవద్దు" అన్నాను. "కార్ల సంగతి నీకేం తెలుసే?" అన్నాడు.

నా పోరు పడలేక ఒకసారి కంభంలో మోటారు షెడ్డు మిస్త్రీకి చూపించాడు. నేనూ వెంట ఉన్నాను. మిస్త్రీ స్టీరింగు కుడికి పూర్తిగా తిప్పమని, బండిని మెల్లగా పోనివ్వమని, పక్కన నడుస్తూ విన్నాడు. తర్వాత కిందికి దూరి చూసి, లేచి చేతులు తుడుచుకున్నాడు.

"సామీ, ఇంజను బలం ఈ ఇరుసు మీదుగా చక్రానికి పోతాది. చక్రం పక్కకు తిరిగినా ఇరుసు దాన్ని తిప్పతానే ఉండాల గదా, అందుకని ఈడ ఒక కీలు పెట్టినారు. ఆ కీలు అరిగిపోయింది. పైన తోలు తొడుగు చినిగి కందెనంతా బయటికి చిమ్మింది, దుమ్ము లోపలికి పోయింది. తిన్నగా పోతే కీలు వంగే పని లేదు, కూయదు. తిప్పినారంటే వంగతాది, అరిగిన సందులో కొట్టుకుంటాది."

"ఇప్పుడేంది చేయాల?" అన్నాడు మా ఆయన.

"కొత్త కీలు మద్రాసు నుంచి తెప్పించండి. అందాక దూరాలు పోవద్దు. తొడుగు కుట్టించి కందెన దట్టించండి. ఇంకా అరగకుండా చూసుకోవడానికే అది. అరిగింది మాత్రం తిరిగి రాదు."

ఇంత విడమరిచి చెబితే మా ఆయన చెవికి ఎక్కింది ఒక్క ముక్కే, కందెన. "మిస్త్రీలకు విప్పడమే పని" అని దారి పొడుగునా గొణిగాడు. మద్రాసుకు కబురు పెట్టలేదు. తొడుగు కుట్టించి, కందెన పెట్టించానన్నాడు. నిజంగానే కొద్దిరోజులు చప్పుడు తగ్గింది. నా ముందు కావాలనే ఒకసారి కుడికి తిప్పి, "ఏదీ నీ మిస్త్రీ?" అని మీసం దువ్వాడు. ఆ తర్వాత టక్కుటక్కు మునుపటికంటే గట్టిగా వచ్చింది. మళ్లీ ఎడమ తిరుగుళ్లు మొదలు.

అలాంటి రోజుల్లో గిద్దలూరు నుంచి తమ్ముడి టెలిగ్రాం వచ్చింది. అమ్మకు పక్షవాతం, వెంటనే రమ్మని. మా నాయన నా చిన్నప్పుడే పోయాడు, నాకు పుట్టింట అమ్మే అన్నీ.

"నన్ను రైలెక్కించండి. పొద్దుటి బండి అందుతుంది" అన్నాను.

"ఇంట్లో కారు పెట్టుకుని రైలేంది? మీ తమ్ముళ్లు ఏమనుకుంటారు?"

"అది దారిలో ఆగిపోతే?"

"నీ నోట మంచి మాట రాదు గదా!"

వాళ్ల ముందు ఆ కారు దిగాలి. అదీ ఆయన తొందర. మా అమ్మ కోసం కాదు. ఊరు దాటేదాకా ఎడమకు తిరిగి, ఎడమకు తిరిగి, తెలిసినవాళ్లెవరూ చప్పుడు వినకుండా జాగ్రత్తపడ్డాడు. నేను పళ్లు కొరుక్కుంటూ కూర్చున్నాను.

బేస్తవారిపేట దాటాక ఒక వాగు. దిగి గట్టెక్కేచోట దారి కుడికి గట్టిగా మెలిక తిరుగుతుంది. అక్కడ ఎడమ దారి లేదు మరి! స్టీరింగు పూర్తిగా తిప్పి, ఇంజను జోరు పెంచాడు. టక్, టక్, టక్, ఫడేల్! ఇంజను అరుస్తూనే ఉంది, గేరులోనే ఉంది, కారు మాత్రం కదలదు. ఆయన ఇంకా తొక్కాడు. ఇంజను ఇంకా అరిచింది.

కిందికి దూరి చినిగిన తొడుగులో చెయ్యి పెట్టి తీశాడు. చేతినిండా నల్లటి ముద్ద. నాకు ఆముదం వాసన కొట్టింది. వేళ్ల మధ్య నలిపి చూశాను, గరగరలాడింది.

"ఇది ఎద్దుల బండి కందెన గదా?"

"కందెనే పెట్టమన్నాడు నీ మిస్త్రీ. మన బండి తోలేవాడితో దట్టించినాను."

మా పుట్టింట్లో ఎద్దుల బండికి పూసేది అదే. గడ్డి కాల్చిన మసి ఆముదంలో కలిపి చేస్తారు. మోటారుకు వేసే కందెన డబ్బా ఊళ్లో దొరుకుతుంది. దాన్నీ మేము కందెన అనే అంటాం. ఈయన ఎద్దుల మాదిరి కారు కదా అని, అరుగుతున్న ఇనుప కీలులో మసీ, దానిలోని మన్నూ నూరించాడు!

దూరంగా రైలు కూత వేసింది. నేను ఎక్కాల్సిన బండి. వాగు పక్కనున్న పట్టాల మీద మమ్మల్ని దాటిపోయింది, కిటికీల్లో మనుషులు కూడా కనిపించారు. ఎవరి మీదా ఏనాడూ చెయ్యెత్తని నాకు, ఆ మనిషిని వాగులోకి తోసెయ్యాలనిపించింది.

దారిన పోయే జొన్నబండి నన్ను గిద్దలూరు చేర్చేసరికి పొద్దు వాలింది. తమ్ముడు ఎదురొచ్చాడు.

"ఇంతసేపు ఏంది అక్కా! మధ్యాన్నం దాకా మాట్లాడింది. పెద్దపాప వచ్చినాదా, వచ్చినాదా అని నిన్నే అడిగింది. నీకొక మాట చెప్పాలన్నది. ఏందమ్మా, మాకు చెప్పు అంటే, దానికే చెప్తా అన్నది. తర్వాత నోరు పడిపోయింది."

లోపలికి పోయాను. నన్ను గుర్తుపట్టింది. పెదవులు ఆడించింది, గొంతులోంచి గురగుర తప్ప ఏమీ రాలేదు. చెవి ఆనించి విన్నాను, ఒక్క అక్షరం కూడా పట్టుకోలేకపోయాను. మళ్లీ మళ్లీ ప్రయత్నించింది. చివరికి విసుగొచ్చి ఏడ్చింది.

వెనక ఇంకో బండిలో వచ్చిన మా ఆయన అరుగు మీద తమ్ముళ్లకు చెబుతున్నాడు. "బండిది లోపం కాదబ్బా. ఆ వాగు దారే అధ్వానం."

బయటికి వచ్చి అందరి ముందూ అన్నాను. "మీ కారు కూత నలుగురూ వినకూడదని దాచినారు. ఇప్పుడు మా అమ్మ మాట నాకు వినపడకుండా చేసినారు."

తల్లి మంచం మీద ఉండగా ఆడదానికి ఇదేం నోరని పెద్దలు నన్నే కసిరారు. ఆయన్ను ఒక్కరూ ఏమీ అనలేదు.

తర్వాత మద్రాసు నుంచి కీలు వచ్చింది. కంభం మిస్త్రీ వేశాడు. కుడికి తిప్పినా, ఎడమకు తిప్పినా కారు కిక్కురుమనలేదు. నన్ను తీసుకుపోవడానికి దాన్లోనే గిద్దలూరు వచ్చాడు. నేను ఎక్కలేదు. నడిచి స్టేషనుకు పోయాను.

అమ్మ ఆ తర్వాత చాలా నెలలు బతికింది. నన్ను చూసినప్పుడల్లా పెదవులు కదిపేది. నేను అడిగేదాన్ని, నగ సంగతా, పొలం సంగతా, నాయన సంగతా అని. ప్రతిదానికీ తల అడ్డంగా ఊపేది.