తగ్గింది అనే మాట

మా హుజూరాబాద్‌లో జ్వరమొచ్చిన మనిషిని "నయమైందా" అని ఎవరూ అడగరు. "తగ్గిందా?" అంటారు. కొంచెం తగ్గినా తగ్గిందే, మొత్తం పోయినా తగ్గిందే. ఈ ఒక్క మాటతో మావాళ్లు మా తమ్ముణ్ణి చంపినంత పని చేశారు.

వాడు మరమగ్గం నడిపేవాడు. చిన్నప్పుడు జ్వరమొచ్చి, కీళ్లు వాచి, గుండెలో ఒక కవాటం పాడైంది. ఆ సంగతి మమ్మల్ని కన్న అవ్వకు తప్ప అందరికీ మరుపే. పోయినేడు చీముపట్టిన పన్నుతో నెలల తరబడి తిరిగాడు. ఆ తర్వాత సన్నటి జ్వరం, బొంత తడిసే చెమటలు, మనిషి చిక్కిపోవడం. ఆర్ఎంపీ డాక్టరు మూడేసి రోజులకు గోలీలిచ్చేవాడు. జ్వరం దిగేది. మా మేనమామ "తగ్గింది" అని వాడకట్టంతా చాటేవాడు. గోలీలు ఒడిసిన కొన్నాళ్లకు మళ్లీ వచ్చేది. మామ ఒకసారి దిష్టి అన్నాడు, ఒకసారి సెల్‌ఫోన్ అన్నాడు. ఆయనకు తెలియని రోగం లేదు, తమ్ముడికి వచ్చింది తప్ప.

ఒక పొద్దున తెగిన పోగు ముడేయబోతే వాడి కుడిచెయ్యి లేవలేదు. మాట ముద్దయింది. కరీంనగర్ దవాఖానకు ఉరికినం.

డాక్టరమ్మ గుండె చప్పుడు చాలాసేపు విన్నది. గోళ్ల కింద సన్నటి ఎర్రగీతలు చూసి, చిన్నప్పుడు కీళ్లు వాచాయా అని అడిగింది. రక్తంలో ఏ క్రిములున్నాయో తేల్చడానికి, మందు మొదలుపెట్టక ముందే వేర్వేరు చోట్ల సూది గుచ్చి రక్తం తీయించింది. స్కాన్‌లో కవాటం మీద చిన్న గడ్డ ఊగుతూ కనిపించింది. నోట్లోని క్రిములు రక్తంలో కలిసి, దెబ్బతిన్న కవాటం మీద గూడు కట్టుకున్నాయట. వాటిపైన గడ్డకట్టిన రక్తపు పొర. అందులోంచి ఒక ముక్క తెగి మెదడుకు పోయింది. మూడు రోజుల గోలీలు క్రిముల్ని పలచన చేశాయి గానీ గూడును పీకలేదు. మందు ఆ పొర లోపలికి తేలిగ్గా చొరదు కాబట్టి, ఆరు వారాలు నరంలోకి ఎక్కించాలని చెప్పింది.

రెండో వారానికి జ్వరం పోయింది. మామ సంచి సర్దాడు.

"తగ్గింది గద బిడ్డా. ఇంటికి తోల్కపోదాం."

"జరం తగ్గింది మామా," అన్నాను. "గూడు అట్లనే ఉంది. గిప్పుడు తీస్కపోతే మళ్ల ముక్క తెగుతది, మనిషి దక్కడు."

"నువ్వు గూడ డాక్టరమ్మవైనవా?"

"గిన్ని దినాలు నువ్వు కాలేదా?"

సంచి లాక్కుని మంచం కిందికి తోశాను. అవ్వ వచ్చి ఆ మంచం మీద కూర్చుంది. మామ చాయ్ తాగడానికి పోయాడు.

ఆరు వారాలూ మందు ఎక్కింది. చెడ్డ పన్ను కూడా అక్కడే పీకారు. తమ్ముడు బతికాడు, మాట తేటపడింది.

ఇంటికొచ్చిన రోజు చుట్టాలందరి ముందు మామ దర్జాగా అడిగాడు.

"తగ్గిందా అల్లుడా?"

తమ్ముడు కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి ఒళ్లో పెట్టుకున్నాడు.

"తగ్గింది మామా. పోగు ముడేసే బలం తగ్గింది."