బుట్టలో మూగబోయిన ఫోను

చిల్లకల్లులో శుక్రవారం ఉపవాస ప్రార్థనకు వచ్చే ఆడవాళ్లు చెప్పులతో పాటు ఫోన్లూ గుమ్మం దగ్గరే విడుస్తారు. శబ్దం ఆపేసి వెదురుబుట్టలో పెడితే, ఆ బుట్టకు కాపలా బేబి. జగ్గయ్యపేటలో ఒక ఆస్పత్రిలో ముప్పై ఏళ్లు ఆయాగా చేసి పోయినేడు మానేసిన మనిషి. ఎవరింటి నుంచైనా ఫోను ఆగకుండా వస్తుంటే, లోపలికెళ్లి వాళ్ల భుజం మెల్లగా తట్టడం ఆమె పని. ప్రార్థన కరపత్రం అడుగున ఉండే నంబరు కూడా ఆమెదే. కాన్పు నొప్పులొచ్చినా ఊళ్లో ఆ నంబరుకే చేస్తారు.

ఆ శుక్రవారం పదకొండు గంటలకు బుట్టలోకి తొంగిచూస్తే, అన్ని ఫోన్లకూ సిగ్నలు గీతలున్నాయి. తన ఫోనుకు ఒక్కటీ లేదు. పక్కనే ఉన్న సూసన్ ఫోనులోనూ అదే కంపెనీ సిమ్ము. దానికి నిండుగా ఉంది. బేబి తన ఫోను ఒకసారి ఆపి, మళ్లీ వేసింది. సిమ్ము తీసి, పమిట చెంగుతో తుడిచి పెట్టింది. ఫోను మూగగానే ఉంది.

బేబి లోపలికెళ్లి సూసన్ భుజం తట్టింది. నందిగామ మీసేవలో పనిచేసే ఆ పిల్ల ఆ రోజు సెలవు పెట్టి వచ్చింది. ఫోను చూసి, పొద్దున్న వచ్చిన ఇంగ్లీషు మెసేజీ చదివి, మొహం మార్చుకుంది.

"అత్తా, సిమ్ము మార్చమని నువ్వేమన్నా అడిగావా?"

"నేనెందుకు అడుగుతానే!"

"అడగకపోతే వెంటనే చెప్పమని కంపెనీ వాళ్లు పంపారు. నీ నంబరు మీద ఎవరో వేరే సిమ్ము తీసుకున్నారు. అందుకే నీది చచ్చిపోయింది. ఇక బ్యాంకు ఓటీపీలన్నీ వాడికే పోతాయి."

బేబికి బుధవారం గుర్తొచ్చింది. బ్యాంకు నుంచని ఫోను చేసినవాడు "వందనాలమ్మా" అన్నాడు. సంఘంలో పలకరించుకునే ఆ ఒక్క మాటతో మనవాడే అనుకుంది. ఆధారు, పాసుపుస్తకం మొదటి పేజీ ఫొటోలు తీసి పంపింది. పుట్టిన తేదీ కూడా చెప్పింది. ఆ ఖాతాలో ఉన్నది స్లాబు డబ్బు. వానాకాలమంతా గిన్నెలు పరిచే రేకుల ఇంటిని ఈ ఏడన్నా మార్చుకోవాలని దాచుకున్నది.

సంఘ పెద్ద శాంతికుమార్ గుమ్మంలోకొచ్చి, "టవరు సమస్య అయ్యుంటుందిలేమ్మా. ప్రార్థన అయ్యాక చూసుకుందువు. దేవుడున్నాడు" అన్నాడు.

"ఉన్నాడు కాబట్టేనండి సిగ్నలు పోయిన సంగతి కళ్లబడింది. కూర్చోమని కాదు చూపించింది" అని, బుట్ట ఆయన చేతిలోనే పెట్టి, సంచి భుజానేసుకుంది.

బుల్లిబాబు ఆటోలో జగ్గయ్యపేటకు పోతూ సూసన్ తన ఫోను నుంచి బ్యాంకు నంబరుకు చేస్తే, దారంతా పాటే వినిపించారు. దిగి డబ్బులివ్వబోతే బుల్లిబాబు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "మా అమ్మకి పక్షవాతం వచ్చినప్పుడు మంచం దుప్పట్లు మార్చింది నువ్వే కదా ఆంటీ. పదండి, పదండి."

బ్యాంకులో ఆఫీసరు వరప్రసాదరావు గారు తల ఎత్తకుండానే, "సిగ్నలు రాకపోతే ఫోను కంపెనీకి వెళ్లాలమ్మా. ఇక్కడికి కాదు. సోమవారం రండి" అన్నారు.

"సిగ్నలు కోసం రాలేదండి, నా డబ్బు కోసం వచ్చా. నా ఖాతాలోంచి రూపాయి బయటికి పోకుండా ఆపండి. ఆన్‌లైనూ, కార్డూ అన్నీ. ఆపేదాకా ఈ కుర్చీ వదలను. ముప్పై ఏళ్లు రాత్రి డ్యూటీలు చేసా, కూర్చోడం నాకు కొత్త కాదు."

సూసన్ ఆ మెసేజీ చూపించింది. ఆయన కళ్లజోడు సవరించుకుని కంప్యూటరు వైపు తిరిగారు. కాసేపటికి గొంతు మారింది. "పావుగంట క్రితం ఎవరో మీ ఆన్‌లైను పాస్‌వర్డు మార్చబోయారు. కాలేదు. ఆపేశానమ్మా, అన్నీ ఆపేశా." తన మంచినీళ్ల సీసా ఆమె ముందుకు జరిపారు. సోమవారం అన్న మాట మళ్లీ ఎత్తలేదు.

అక్కడి నుంచే సూసన్ సైబరు నేరాల నంబరు 1930కి ఫోను చేసి ఫిర్యాదు రాయించింది. ఫోను కంపెనీ ఆఫీసులో బేబి వేలిముద్ర వేసి, దొంగ సిమ్మును ఆపించి, తన నంబరు తాను తెచ్చుకుంది. ఎక్కడో ఊరుగాని ఊళ్లో ఆమె పేరుతో దొంగ కాగితాలు చూపి తీసుకున్నారట.

"కొత్త సిమ్ముకి ఒకరోజు మెసేజీలు రావండి. దానివల్లే వాడికి ఓటీపీ అంది ఉండదు. కానీ ఓటీపీని మెసేజీగా కాకుండా కాల్‌లో చెప్పించుకునే దారులుంటాయి. రేపటిదాకా ఊరుకునుంటే మాత్రం ఏమీ మిగిలేది కాదు" అంది కౌంటరులో అమ్మాయి.

మరుసటి శుక్రవారం శాంతికుమార్ ముందుగానే వచ్చి గొంతు తగ్గించాడు. "అందరి ముందు సాక్ష్యమిచ్చేటప్పుడు ఇదంతా చెప్పకమ్మా, నలుగురూ నవ్వుతారు. వాడికి అక్కడే దొరికుంటుంది, కరపత్రంలో నీ నంబరు కూడా తీయించేద్దాం."

"నవ్వితే నవ్వనివ్వండి. నాలాగా పంపేవాళ్లు ఇంకొకరు తగ్గుతారు. నంబరు మాత్రం తీయొద్దు. నొప్పులొచ్చిన పిల్ల ఎవరికి చేస్తుంది? దొంగవెధవకి భయపడి తలుపేసుకుంటానా?"

సాక్ష్యం వేళ నిలబడి అంతా చెప్పింది, ఫొటోలు పంపిన సంగతి కూడా దాచకుండా. చెప్పి మళ్లీ గుమ్మం దగ్గర తన పీట మీద కూర్చుని, బుట్టలో ఒక్కో ఫోనూ ఎత్తి గీతలు చూడడం మొదలుపెట్టింది.