అడుగుకి అంగుళం

ఉద్యోగంలో చేరిన కొద్ది రోజులకే మా అక్క పగటిపూట నీళ్ళు తాగడం మానేసింది. పోలియో వల్ల చిన్నప్పటి నుంచీ తనది చక్రాల కుర్చీ. దివిసీమలో ఒక ప్రభుత్వ ఆఫీసులో ధ్రువపత్రాల దరఖాస్తులు తీసుకునే పని వచ్చింది. ఉప్పెన చూసిన ఊళ్ళు కదా, అక్కడ ఏ ఆఫీసైనా నేలకి మూడడుగుల ఎత్తున అరుగు వేసి కడతారు. బాత్రూమేమో కింద, పెరట్లో. పొద్దున ఇద్దరు అటెండర్లు కుర్చీతో సహా అక్కని పైకెత్తి లోపల పెట్టేవాళ్ళు, సాయంత్రం దించేవాళ్ళు. మధ్యలో దిగాలంటే మళ్ళీ వాళ్ళని పిలవాలి. ఎందుకు దిగాలో పదిమంది ముందూ చెప్పాలి. అందుకని నీళ్ళే మానేసింది.

వేసవిలో ఒకసారి కళ్ళు తిరిగి బల్ల మీద వాలిపోయిందని తెలిసి, బందరు నుంచి చల్లపల్లి మీదుగా బస్సులో పరిగెత్తాను. ఆసుపత్రిలో సెలైను ఎక్కిస్తున్నారు. "వాళ్ళు మంచివాళ్ళే. కాకపోతే నన్ను ఎత్తేటప్పుడు ఇద్దరూ సినిమా కబుర్లు చెప్పుకుంటారు, నేనేదో బీరువా అయినట్టు," అంది. ఆ మాట విన్నాక నాకు వచ్చిన కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

నేను పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసి, అప్పట్లో బందరులో ఒక ప్రైవేటు ఇంజనీరు దగ్గర ప్లాన్లు గీసేదాన్ని. అక్క పెట్టుకున్న అర్జీ మీద ఆఫీసుకి ర్యాంపు మంజూరయిందనగానే, ఆ డ్రాయింగు నేనే గీసిస్తానన్నాను. కూలీ అడగలేదు కాబట్టి ఎవరూ వద్దనలేదు.

కుర్చీలో కూర్చున్నవాళ్ళు తమంతట తాము ఎక్కాలంటే వాలు ఒకటికి పన్నెండు కంటే నిటారుగా ఉండకూడదు. మేస్త్రీలకి చెప్పాలంటే అడుగుకి అంగుళం వాటం. మూడడుగుల ఎత్తుకి ముప్పై ఆరడుగుల పొడవు. ఆవరణలో అంత పొడవు తిన్నగా దొరకదు. అందుకే పద్దెనిమిది అడుగులు వెళ్ళి, అయిదడుగుల చదును మీద ఊపిరి తీసుకుని, వెనక్కి తిరిగి ఇంకో పద్దెనిమిది అడుగులు ఎక్కేటట్టు గీశాను. దానివల్ల వేపచెట్టు కింద అధికారి గారి జీపు నిలిపే చోటు పోతుంది. పోతే పోనీ అనుకున్నాను. డ్రాయింగు మీద వాలు 1:12 అని పెద్దక్షరాలతో రాశాను.

పని చూసే ఇంజనీరు గారు అంతకుముందు కాలవ గట్ల పనుల్లో ఉండేవారు. గట్టు మీదికి ఎద్దుబండ్లు ఎక్కే దారులు ఎన్నో వేయించారట. నా కాగితం చూసి, "ఇంత పొడుగెందుకమ్మాయ్? పన్నెండేగా, నాకొదిలెయ్," అన్నారు. ఆ మాటకి అప్పుడే అనుమానం వచ్చింది. ఆయన మాత్రం నవ్వి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

ప్రారంభం రోజున అక్క పట్టుచీర కట్టుకుంది. నేను బస్సు దిగి ఆవరణలోకి వెళ్ళేసరికి వేపచెట్టు కింద జీపు దర్జాగా నిలబడే ఉంది. గుమ్మం ముందు రిబ్బను కట్టిన ర్యాంపు, ఎక్కడా వంపు లేకుండా తిన్నగా, మొత్తం కలిపి పద్నాలుగడుగులు. నాకు ఒళ్ళు మండిపోయింది.

అధికారి గారు రిబ్బను కత్తిరించి, "ఎక్కమ్మా, ఫోటో తీస్తారు," అన్నారు. అక్క రెండు చేతులతో చక్రాలు తిప్పింది. మూడో వంతు దాటేసరికి కుర్చీ ముందు చక్రాలు గాల్లోకి లేచాయి. వెల్లకిలా పడబోయి, పక్కనున్న చిన్న గోడ పట్టుకుంది. మోచెయ్యి గీరుకుని చీర మీద రక్తపు మరకలు పడ్డాయి. అటెండర్లు వచ్చి ఎప్పట్లాగే పట్టుకున్నారు. ఫోటో తీసేవాడు ఆ ఫోటో కూడా తీశాడు.

మేస్త్రీ దగ్గర నాలుగడుగుల బద్ద, మట్టం చూసే లెవెలు అడిగి తీసుకున్నాను. బద్ద ఒక కొస ర్యాంపు మీద ఆనించి, లెవెలులో బుడగ మధ్యకి వచ్చేదాకా రెండో కొస ఎత్తి, కిందున్న సందు కొలిచాను. నాలుగడుగులకి నాలుగంగుళాలు ఉండాలి. పది దాటింది.

"ఇది ఒకటికి పన్నెండా అండీ?" అని అందరి ముందే అడిగాను.

"పన్నెండని నువ్వే రాశావు కదమ్మా. పన్నెండు డిగ్రీలు సరిగ్గా కట్టించాను. మూడుని ట్యాన్ పన్నెండుతో భాగిస్తే పద్నాలుగు. కావాలంటే చూసుకో," అని కాలిక్యులేటరు నా చేతిలో పెట్టారు.

భాగహారం తప్పు కాదు. అదే ఇంకా మండించింది. ఎత్తుని నేల మీది పొడవుతో భాగిస్తే వచ్చేదే ట్యాన్. ఒకటిని పన్నెండుతో భాగిస్తే సున్నా పాయింటు సున్నా ఎనిమిది మూడు. శాతంలో ఎనిమిదిన్నరకి కాస్త తక్కువ. దాన్ని వెనక్కి తిప్పి కోణం చేస్తే అయిదు డిగ్రీలు కూడా రాదు. ఆయన పన్నెండు డిగ్రీల ట్యాన్ సున్నా పాయింటు రెండు ఒకటి. అంటే ఇరవై ఒక్క శాతం, ఒకటికి అయిదు కూడా లేని వాలు. ఇదంతా ఆయన కాలిక్యులేటరు మీదే నొక్కి, ఒక్కొక్కటీ ఆయన మొహం ముందు పెట్టి చూపించాను. నా గొంతు ఎంత పైకి పోయిందో, వీధిలో వాళ్ళు గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"నిష్పత్తిలో పన్నెండు వేరు, శాతంలో పన్నెండు వేరు, డిగ్రీల్లో పన్నెండు వేరు. పోనీ పన్నెండు శాతమే అనుకున్నా పాతికడుగులు రావాలి కదండీ. మీకు పద్నాలుగడుగులదే ఎందుకు నచ్చింది? జీపు కదలక్కర్లేదనేగా?"

ఇంజనీరు గారు జీపు వైపు చూడకుండా, "ఎద్దుబండ్లు ఎక్కే వాలమ్మా ఇది. అయినా వెనక నుంచి ఎవరో ఒకరు తోస్తారుగా, దీనికింత రాద్ధాంతం దేనికి?" అన్నారు.

నేను నోరు తెరిచేలోగా అక్క మాట్లాడింది. "తోసేవాళ్ళు ఉంటే మెట్లే చాలుగా సార్. ఇన్నాళ్ళూ మోశారుగా."

అక్క అటెండర్లని చేతులు తియ్యమంది. తన బల్ల, కాగితాలు, స్టాంపు కిందికి తెప్పించమంది. బల్ల ఎక్కడ వెయ్యాలని అడిగితే వేపచెట్టు నీడ చూపించింది. అప్పటికి జీపు డ్రైవరు అధికారి గారిని భోజనానికి తీసుకెళ్ళాడు. నేను బందరు బస్సెక్కాక ఆయన తిరిగొచ్చేసరికి జీపు చోట్లో అక్క, అక్క ముందు దరఖాస్తులు పట్టుకున్న జనం.

"ఇదేం పద్ధతమ్మా?" అన్నారట అధికారి గారు.

"పైకి రాగలిగిన రోజున పైకి వస్తానండీ," అందట.

అధికారి గారు కేకలేశారు, బదిలీ అని బెదిరించారు. అక్క కదల్లేదు. ఆయన జీపు రోడ్డు మీద ఎండలో మాడింది. నేను బందరు నుంచి అదే డ్రాయింగు మళ్ళీ గీసి, ఈసారి నిష్పత్తి, శాతం, డిగ్రీలు మూడూ రాసి, కింద 'అడుగుకి అంగుళం' అని తెలుగులో రాసి పంపాను. జీపు సీటు కాలిన తరవాతే వాళ్ళకి నా లెక్క అర్థమైంది. పాత ర్యాంపు పగలగొట్టి నేను గీసినట్టే కట్టారు. క్షమించమన్నవాడు ఒక్కడూ లేడు.

ఈసారి రిబ్బను లేదు. అక్క చక్రాలు తిప్పుకుంటూ బయల్దేరితే, నేను తెలియకుండానే వెనకాల చెయ్యి చాచాను.

"చెయ్యి తియ్యవే," అంది, వెనక్కి చూడకుండానే.

మధ్య చదును మీద ఆగి ఊపిరి తీసుకుని, తిరిగి, పైదాకా ఎక్కింది. నేను మెట్ల మీదుగా వెళ్ళేసరికి బల్ల దగ్గర కూర్చుని, ఇంటి నుంచి తెచ్చుకున్న నీళ్ళ సీసా మూత తీసి తాగుతోంది. సగం దాకా ఆపకుండా తాగింది.