ఇరవై వేల తవుడు, నా పేరు మీద

తాడేపల్లిగూడెంలో తవుడు వ్యాపారి ఆఫీసుకి పాపని ఎత్తుకునే వెళ్ళాను. ఇంట్లో వదిలితే పడిపోతుందేమో, ఏదైనా నోట్లో పెట్టుకుంటుందేమో అని మనసు అక్కడే ఉంటుంది. అప్పటికి దానికి ఏడాదిన్నర.

పెదపాడు రోడ్డులో నాది చిన్న కొట్టు. చేపల చెరువులకి తవుడు, నూనెచెక్క, మందులు అమ్మేదాన్ని. అప్పటిదాకా తవుడు ఇచ్చిన ఏలూరు వ్యాపారి, సీజను మొదలవగానే, నగదు కడితేనే బస్తా అన్నాడు. నా దగ్గర కొనే చిన్న రైతులేమో వారానికోసారి ఇస్తారు. పదిహేను రోజుల అరువు దొరక్కపోతే కొట్టు మూసుకోవాల్సిందే.

రెండు ఫర్లాంగుల అవతల మా తోటికోడలిది ఇలాంటి కొట్టే, కాకపోతే నాలుగింతలు. ఆవిడ ఫోన్ చేస్తే ఈ తాడేపల్లిగూడెం వ్యాపారి లారీ నిండా పంపిస్తాడు. లారీ మా కొట్టు ముందునించే వెళ్ళేది. నేను తలుపు వెనకనించి బస్తాలు లెక్కపెట్టేదాన్ని. డిగ్రీ చదివింది నేను, ఆవిడ పదో తరగతి. ఇలా పోల్చుకోవడం తప్పని తెలుసు. అయినా లారీ వెళ్ళిన ప్రతిసారీ పోల్చుకునేదాన్ని.

ఆఫీసులో మేనేజరు గారు, అరువు అడుగుతూ నేను రాసుకెళ్ళిన ఉత్తరం చదివారు. ఇరవై వేల దాకా లిమిటు, పదిహేను రోజుల గడువు. నాకు అరువు ఇచ్చే ఇద్దరి ఫోన్ నంబర్లు కింద రాశాను: ఏలూరులో మందుల ఏజెన్సీ, జంగారెడ్డిగూడెంలో నూనెచెక్క మిల్లు.

"ఇదంతా ఎందుకండీ? మీ తోటికోడలు గారు మా పాత పార్టీయే కదా. ఆవిడ చేత ఒక్క మాట చెప్పించండి, లక్ష దాకా ఇచ్చేస్తాం" అన్నారాయన.

"వద్దండీ. నేను ఎలా కడతానో నాకు అమ్మినవాళ్ళకి తెలుసు. వాళ్ళనే అడగండి."

"లక్ష వద్దని ఇరవై అడిగినవాళ్ళని ఇప్పుడే చూస్తున్నానండీ" అని నవ్వి, ఫోన్ అందుకున్నారు.

ఏజెన్సీ ఆయన రెండేళ్ళుగా తెలుసనీ, వారం గడువు ఎప్పుడూ దాటలేదనీ చెప్పాడట. తరవాత మిల్లుకి కలిపారు. ఎన్నాళ్ళనించి కొంటున్నారు, ఎక్కువలో ఎక్కువ ఎంత అరువిచ్చారు, ఆలస్యం చేశారా అని అడిగారు. చివరి ప్రశ్నకి జవాబు వింటూ నావైపు చూశారు. పాప ఉత్తరం అంచు నోట్లో పెట్టుకుంది, నేను లాగాను, అది ఏడుపు అందుకుంది.

ఫోన్ పెట్టేసి, "ఒకసారి తొమ్మిది రోజులు ఆలస్యమైందటండీ" అన్నారు.

"అవునండీ. పాపకి జ్వరం తగ్గక ఆస్పత్రిలో పెట్టాం. గడువుకి రెండ్రోజుల ముందే ఆయనకి ఫోన్ చేశాను."

"ఆ మాటా చెప్పారు. ముందుగా చెప్పేవాళ్ళు తక్కువని కూడా అన్నారు."

ఉత్తరం తుడిచి ఫైల్లో పెట్టారు. మొదటి లోడు నగదుకే, రెండో దానినించి ఇరవై వేల దాకా అరువు, పదిహేను రోజులు. ఆరు నెలలు సరిగ్గా నడిస్తే పెంచుతామన్నారు. హామీగా ఒక చెక్కు తీసుకున్నారు. తల ఊపాను కానీ, మెట్లు దిగుతూ ఉంటే లక్ష అనే మాటే చెవిలో తిరిగింది. ఆవిడకైతే ఒక్క ఫోను. నాకు మాత్రం మా పాప జ్వరం కూడా ఒకళ్ళకి చెప్పుకుంటేగానీ కాలేదు.

నగదు లోడు సాఫీగా అయింది. అరువు మీద పాతిక బస్తాలు చిన్న వ్యానులో దిగిన రోజున మా తోటికోడలు వచ్చింది. కబురు ముందే తెలిసినట్టుంది.

"ఏమ్మా, నా పేరు చెప్పకపోయావా? ఈ పాటికి లారీ దిగేది. నేను పరాయిదాన్నా?"

"అదేం లేదక్కా. ముందు కొంచెంతో మొదలుపెడదామని."

"కొంచెమంటే మరీ ఇంత కొంచెమా!" అని బస్తాల మీద చెయ్యేసి నవ్వింది. నా ఒళ్ళు మండింది. సమాధానంగా బిల్లు తీసి చేతిలో పెట్టాను, ఇంకేం చెయ్యాలో తోచక.

ఆవిడ బిల్లు చూసింది. మొత్తం దగ్గర ఆగలేదు, పైనున్న పేరు దగ్గర ఆగింది.

"నీ పేరు మీదేనా? మీ ఆయన పేరు మీద కాదూ?"

"నా పేరు మీదే అక్కా."

"మాది అంతా మీ బావగారి పేరు మీదే. చెక్కులు కూడా ఆయనవే. నేను ఫోన్ చేయడం వరకే" అంది. బిల్లుని ఇంకోసారి పైనించి చదివింది. పాప బుగ్గ గిల్లి, ఎండ ఎక్కువగా ఉందంటూ వెళ్ళిపోయింది.

నాకు సంతోషం కలిగింది. అంత మంచి సంతోషమేం కాదు, అది నాకు తెలుసు. బిల్లుని మడవకుండా గోడ మేకుకి తగిలించాను, పేరు బయటికి కనబడేటట్టు. పదమూడో రోజునే డబ్బు కట్టేశాను.