అద్దంలో గాలి

వాంకూవర్‌లో నేను చేసే పని ఓడలను కంప్యూటర్‌లో నడపడం. ఇరుకు కాలువలో పెద్ద ఓడ పోతుంటే అడ్డగాలి దాన్ని సగటున ఎంత దూరం పక్కకు నెడుతుందో లెక్క తేల్చాలి. ఆ దూరం హద్దు దాటకపోతే, అంత గాలిలోనూ ఓడ రావచ్చని మా రిపోర్టు చెబుతుంది. ఓడలను కాలువ దాటించే పైలట్లు దాన్నే నమ్ముకుంటారు.

ఆ వసంతంలో మూడు వారాలు అదే పని. ఒక్కో పరుగుకు, అంటే ఏవో ఈదురుగాలులు లాటరీలా తీసి ఓడను ఒకసారి కాలువ దాటించడానికి, కంప్యూటర్ ఎంతో సేపు తినేది, నా ఓపికా తినేది. త్వరగా తేలాలని నేనే ఉపాయం చెప్పాను. ప్రతి పరుగుకూ జంటగా, ఈదురుగాలులన్నిటి దిశా తిప్పేసి ఇంకో పరుగు. ఒకటి ఎక్కువ చూపితే రెండోది తక్కువ చూపుతుంది, సగటు తొందరగా కుదురుకుంటుంది. పదివేల పరుగులయ్యాక సగటూ, దాని చుట్టూ అసలు విలువ ఎంతలో ఉండొచ్చో చూపే పొరపాటు పట్టీ గీశాను. పట్టీ మొత్తం హద్దు లోపలే ఉంది. ‘రావచ్చు’ అని రాసి సంతకం పెట్టేశాను.

పంపాల్సిన రోజు ఉదయం రిపోర్టు చివరి అనుబంధం కోసం జంటలను పక్కపక్కన పెట్టాను. రెండు గళ్లలోనూ దాదాపు ఒకే అంకెలు. గాలి ఎడమకు నెట్టినా, కుడికి నెట్టినా జరిగిన దూరం ఒకటే. ఎక్కువకు తోడు ఎక్కువే వచ్చింది. ఇంత చిన్న సంగతి తట్టనందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

మా టీమ్ లీడ్ కాకినాడ వైపు పెద్దాయన. ఆయన దగ్గరికెళ్లి చెప్పాను.

“రిపోర్ట్ ఆపాలండీ. పదివేల రన్స్ అని రాశాను, జంటలో రెండోది నకలే కాబట్టి నిజానికి అయిదువేలే. పట్టీ ఇంకా వెడల్పు రావాలి.”

ఆయన కోప్పడలేదు. అదే నాకు ఇంకా కష్టమనిపించింది. మళ్లీ రన్ చేయక్కర్లేదని, కాగితం మీద ఓ ముతక సూత్రం రాసిచ్చారు. సగటు గాలి బలాన్ని బట్టి ఓడ ఎంత జరుగుతుందో అది సుమారుగా చెబుతుంది. దాని అసలు సగటు చేత్తోనే కచ్చితంగా కట్టొచ్చు. మేం తీసుకున్న గాలులతో కడితే సూత్రం సగటు అసలు కంటే తక్కువ వచ్చింది. అంటే మాకు పడ్డ గాలులే మెత్తనివి. ఆ లోటు మేరకు మా ఫలితాన్ని సరిదిద్దాను.

పట్టీ బాగా సన్నబడింది, కానీ మొత్తంగా హద్దుకు అవతల పడింది.

రిపోర్టులో ‘రావచ్చు’ అన్న మాట కొట్టేశాను. ఆయన నా వెనక నిలబడి చూసి నెమ్మదిగా అన్నారు.

“పైలట్లకి నిన్ననే చెప్పేశాను, రావచ్చని. ఇప్పుడు నువ్వే ఫోన్ చెయ్యమ్మా. వద్దని చెప్పు.”