సంతకానికి ముందు

కుట్టుమిషను మీద తెచ్చిన అప్పుకు రెండు వాయిదాలు తప్పాయి; ఇక మిషను జప్తేనని సహకార సొసైటీ నోటీసు పంపింది. గడువు అడుగుతూ కొడుకు రాసిన ఉత్తరంలో 'అమ్మ వైద్యం' అనే సాకుంది.

"మీ నాన్న సంతకానికి ముందు పైకి చదివేవారు. నువ్వూ చదువు," అంది తల్లి.

'అమ్మ వైద్యం' అని చదివి ఆగిపోయాడు.

"గుండ్రాయిలా ఉన్నాను, నాకేం రోగంరా?"

అతను తలదించుకుని మళ్లీ రాశాడు: మిషను మీద తెచ్చిన అప్పులో ముప్పై వేలు ఫోన్ బెట్టింగులో పోగొట్టాను, ఆ యాప్ తీసేశాను, మూడు నెలలు వడ్డీ కట్టి ఆపై వాయిదాలు కడతాను.

వారం తర్వాత జవాబొచ్చింది. సొసైటీ కమిటీ గడువుకు ఒప్పుకుందని, వడ్డీ మాత్రం ఆగదని కొడుకు పైకి చదువుతుంటే, ఆమె మిషను మీద చెయ్యి వేసుకుని విన్నది. వాక్యం చివర ఊపిరి తీసుకోవడం కూడా అచ్చం ఆయనలాగే.