నాలుగో చరణంలోని మనిషి

పాతికేళ్ళుగా ఒక పాటను మోస్తున్నాను. జనం దాన్ని పాడుకుంటారు, నేను మోస్తాను. పాడేవాళ్ళకు బరువు తెలియదు, ఎందుకంటే అందులో అబద్ధం ఎక్కడుందో వాళ్ళకు తెలియదు. నాకు తెలుసు. నాలుగో చరణంలో ఉంది.

నా పేరు ఇక్కడ రాయడం లేదు. మహబూబాబాదులో బడిపంతులుగా పనిచేస్తున్నానని, నా ఊరు బచ్చన్నపేట దగ్గరని మాత్రం చెబుతాను. ఆ వైపు వాళ్ళు పాట ఏదో పోల్చుకోగలరు. పోల్చుకోవాలనే రాస్తున్నాను.

అప్పుడు నాకు ఇరవై ఒకటి. దొర మీద తిరగబడడానికి ఊళ్ళో సంఘం పెట్టిన రోజులు. జనగామలో ఉర్దూ బడిలో చదువుకున్నాను కాబట్టి తెలుగు కవిత్వం నాకు దొంగతనంగా దొరికింది. మా మేనమామ బెజవాడ నుంచి రెండు పుస్తకాలు తెచ్చాడు. ఇద్దరు కవులవి. వాళ్ళ పేర్లు రాయను. తప్పు వాళ్ళది కాదు. ఆ రెండు పుస్తకాలనూ చేత్తో నకలు రాసుకున్నాను, మొదటి పేజీ నుంచి చివరి దాకా, రెండేసి సార్లు. అట్లా చేస్తే కవిత్వం వస్తుందనుకున్నాను. వచ్చింది. వాళ్ళది వచ్చింది.

ఎట్లా వస్తుందో చెబుతాను, రాసేవాళ్ళు ఎవరైనా చదువుతుంటే వాళ్ళకు పనికొస్తుంది. ముందు మాట రాదు. ముందు ఒక నడక వస్తుంది. లోపల ఎవరో అడుగులు వేస్తున్నట్టు ఉంటుంది. రెండు పొడుగు అడుగులు, మూడు పొట్టివి, ఒక ఆగడం. నాకే పుట్టిందనుకుని మురిసిపోతాను. ఆ నడకలోకి మాటలు వాటంతట అవే వచ్చి కూర్చుంటాయి, రుధిరం, జ్వాల, ప్రభాతం. రాసి, మర్నాడు చదివితే ఆ ఇద్దరిలో ఒకరి గొంతు వినిపిస్తుంది. చింపేస్తాను. మళ్ళీ రాస్తే రెండోవారి గొంతు. పుస్తకాలు పెట్టెలో పెట్టి తాళం వేశాను. ఏం లాభం? నకలు నా చేతిలోనే ఉంది కదా.

సాయిలు చనిపోయింది ఆ ఏడే. మా ఊరి గొల్లవాడు, సంఘం పని మీద గుట్టల్లో ఉండేవాడు. తల్లికి జ్వరమని తెలిసి పట్టపగలు ఇంటికి వచ్చి చూసి, తిరిగి గుట్టకు పోతుంటే దొర మనుషులు గుర్రాల మీద ఎదురయ్యారు. కాల్చారు. జరిగిందింతే. సంఘం వాళ్ళు పాట కట్టమన్నారు.

మొదటిసారి కట్టింది నర్సన్నకు వినిపించాను. నర్సన్న మా సంఘం పెద్ద, చదువు రాదు, చెవి మాత్రం పదునైంది. సగంలో ఆపేశాడు.

"ఏందిరా గిది, పురాణం చెప్పే అయ్యగారి లెక్క ఉంది. సాయిలు నెత్తురు కారి సచ్చిండా, రుధిరం కారి సచ్చిండా?"

అందరూ నవ్వారు. అది నాకు మేలే చేసింది. పాట తీసుకుని కోతలకు వచ్చిన ఆడవాళ్ళ దగ్గరికి పోయాను. ఒక్కో చరణం చెప్పి, వాళ్ళను తిరిగి చెప్పమన్నాను. ఏ మాట దగ్గర నాలుక తడబడితే ఆ మాట కొట్టేశాను. రుధిరం పోయి నెత్తురు వచ్చింది. ప్రభాతం పోయి పొద్దుపొడుపు వచ్చింది. నడక కూడా మార్చాను. వడ్లు దంచేటప్పుడు రోకలి పడే దెబ్బకు కట్టాను. నెల రోజులు పట్టింది. చివరికి చదువుకుంటే ఒక్క మాట కూడా అరువుది లేదు. దెబ్బ కూడా మనదే. నా గొంతు నాకు దొరికిందనుకున్నాను. ఎంత గర్వపడ్డానో!

మాటలు తీసేశాను. నడక తీసేశాను. ఎముకలు మాత్రం వాళ్ళవే ఉన్నాయని చూసుకోలేదు.

ఆ రెండు పుస్తకాల్లోనూ వీరుడి కథ ఒకటే తీరున సాగుతుంది. మొదట పుట్టిన ఊరు, తర్వాత చెమట, మూడోదాంట్లో తిరగబడడం. నాలుగోదాంట్లో ద్రోహి వస్తాడు, చెయ్యెత్తి చూపిస్తాడు. ఐదోదాంట్లో వీరుడు పడిపోతాడు. ఆరోదాంట్లో పొద్దు పొడుస్తుంది. నా పాటలోనూ సరిగ్గా ఆరు చరణాలే. మూడు కట్టేశాను, ఐదూ ఆరూ కూడా వచ్చేశాయి. నాలుగోది రాలేదు. రాకపోవడానికి కారణం ఉంది. సాయిలును ఎవరూ పట్టియ్యలేదు.

మరి ఎందుకు పడ్డాడు? నాకు తెలుసు. సాయిలు ఇంటికీ గుట్టకూ నడుమ దొర జొన్నచేను ఉండేది. ఆ ఏడు నిలువెత్తు కంటే ఎత్తుగా పెరిగింది. అతను ఎప్పుడు వచ్చినా ఆ చేనులోంచే వచ్చేవాడు, ఆ చేనులోంచే పోయేవాడు. అతను రావడానికి ముందు రోజు సంఘం ఆ చేను కోసేసింది, పంట దొరకు పోకుండా. నేనూ కొడవలి పట్టాను. కోసేటప్పుడు మాలో ఒక్కరికీ సాయిలు గుర్తుకు రాలేదు.

ఇది కూడా రాశాను. అదే అసలు చెప్పలేకపోయిన మాట. నాలుగో చరణం కోసం తన్నుకుంటున్న రోజుల్లో ఒక పూట, నడకా గిడకా లేకుండా, ఒక ముక్క దానంతట అది వచ్చింది:

కోసిన చేనుల దాగుదమంటే
కొయ్యకాళ్ళే ఉన్నయి, సాయిలూ
కోసింది మేమే.

రాసి చూసుకున్నాను. ఎవరి లాగానూ లేదు. పెట్టెలో ఉన్న ఇద్దరిలో ఎవరూ అట్లా రాయరు. మోటుగా, బోసిగా, పాట మధ్యలో ఎవరో దగ్గినట్టు ఉంది. కవిత్వం కాదనుకున్నాను. కొట్టేశాను. అది ఒక్కటే నాది. అప్పుడు తెలియలేదా? తెలియలేదనే ఇన్నేళ్ళూ చెప్పుకున్నాను. ఇప్పుడు అడుగుతున్నాను: బాగా లేదని కొట్టేశానా, నిజమని కొట్టేశానా? ఆ ఇద్దరు కవుల వెనక దాక్కోవడం నాకు సుఖంగా ఉండబట్టి కాదా?

దాని చోట ఇది పెట్టాను:

మోట కాడి మనిషి చెయ్యెత్తి చూపెనే
మొలకెత్తిన పగకు దారి చూపెనే.

ఎంత సులువుగా వచ్చిందో. ఒక్క మాట మార్చలేదు. అంత సులువుగా వచ్చినప్పుడే అనుమానించాల్సింది. ఆ మనిషి ఎవరో నేను అనుకోలేదు. ద్రోహి ఒకడు ఉండాలి, ఎక్కడో ఒకచోట నిలబడాలి, చేనుకు దగ్గరగా బావి ఉంది కాబట్టి మోట దగ్గర నిలబెట్టాను.

డప్పు మీద పాడితే పాట నిలబడింది. పది రోజుల్లో పక్క ఊళ్ళకు పోయింది. మూడో చరణం దాకా జనం చప్పట్లు కొట్టేవాళ్ళు, నాలుగోది రాగానే పళ్ళు కొరికేవాళ్ళు. నాకు అది గెలుపు లాగా కనిపించింది.

ఆ బావి దగ్గర మోట కొట్టేవాడు ఒక్కడే. లచ్చయ్య. నలభై ఏళ్ళవాడు. వరసకు నాకు మామ. దొర భూమిలో నీళ్ళు పారించే జీతగాడు, ఏ పక్షానికీ చెందని మనిషి. ఆ రోజు అతను చెయ్యెత్తడం దూరాన కలుపు తీసే ఇద్దరు ఆడవాళ్ళు చూశారట. ఆ సంగతి నాకు తెలియదు. పాట విన్నాక వాళ్ళకు గుర్తొచ్చింది. నేను అరువు తెచ్చిన చెయ్యీ అతను నిజంగా ఎత్తిన చెయ్యీ ఒకటైపోయాయి.

తర్వాత మంగలి అతనికి గడ్డం గీయలేదు. చాకలి బట్టలు తీసుకోలేదు. చేదబావి దగ్గర అతని భార్య రాజవ్వ బిందె దించితే మిగతావాళ్ళు బిందెలు ఎత్తుకుని పక్కకు పోయేవాళ్ళు. ఒక పొద్దున లచ్చయ్య వెళ్ళేసరికి మోట తోలు నిలువునా కోసి ఉంది. ఆ పొద్దునే మా ఇంటికి వచ్చాడు. అరుగు మీద కూర్చున్నాడు. నవ్వుతూనే మొదలుపెట్టాడు.

"అల్లుడా, నీ పాటల నన్ను ఎక్కిచ్చినవట. పాటల ఎక్కేటంత పని నేనేం జేసిన్నే?"

"నిన్ను కాదు మామ. ఎవడో ఒకడు."

"ఎవడో ఒకడంటే ఎవడు? ఆ బాయికాడ మోట కొట్టేటోన్ని నేనొక్కన్నేనాయె. ఇంకోడుంటే నా ఎడ్లే ఉండాలె."

లచ్చయ్య నవ్వు ఆపాడు.

"చెయ్యెత్తిన. ఎత్తలేదంటలేను. గుర్రాలు కనవడ్డయి, ఇటు రాకురా సాయిలూ అని ఎత్తిన. ఆడు సూడలే. నువ్వేమో దొరోళ్ళకు సూపిచ్చిన్నని రాస్తివి. ఎవరు జెప్పిన్రు నీకు?"

"ఎవరూ చెప్పలేదు. పాటకు అట్ల ఒకడు కావాలె మామ."

"పాటకు గావాల్నా?"

కోపంగా కాదు. నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. ఏం చెప్పాలి? బెజవాడ నుంచి వచ్చిన పుస్తకంలో ఉందనా?

"సరే తియ్. రేపు సంఘం ముంగట జెప్పు, ఉత్తగ రాసిన్నని. జెప్తవా?"

"చెప్త మామ."

మర్నాడు సంఘం కూర్చుంది. పక్క ఊళ్ళ నుంచి కూడా మనుషులు వచ్చారు. నర్సన్న నా భుజం మీద చెయ్యి వేసి, "మన పాటగాడు" అని చూపించాడు. లచ్చయ్య వెనక, గోడ పక్కన నిలబడి నా వైపు చూస్తున్నాడు. పాడమన్నారు. పాడాను. ఆరు చరణాలూ పాడాను. నాలుగోది వచ్చినప్పుడు గోడ వైపు చూడకుండా పాడాను.

వారం తిరగకముందే వాళ్ళు ఊరు విడిచారు. మొగుళ్లపల్లి దగ్గర రాజవ్వ తమ్ముడు ఉంటే అక్కడికి పోయారు.

ఆ తర్వాత నేను కవినని పేరు తెచ్చుకున్నాను. చాలా రాశాను. ఏదీ నాది కాదు. మాటలు పల్లెవే, దరువు పల్లెదే, ఎముకలు మాత్రం ఎవరివో. ఇప్పుడు పోల్చగలను. రాయగానే ఎక్కడ మలుపు వస్తుందో ముందే తెలిసిపోతే అది అరువుదే. ఎవరో నడిచి వేసిన బాట మీద నా కాళ్ళు కదులుతున్నట్టే. నిజంగా జరిగింది రాస్తే మలుపు అనుకున్న చోట రాదు. అక్కడ ఆగాలి, ఏం జరిగిందో చూడాలి. నాకు ఆ చూడడమే భయం. చూస్తే మేము కోసిన చేను కొయ్యకాళ్ళు కనిపిస్తాయి.

పోయిన ఎండాకాలం మొగుళ్లపల్లి పోయాను. లచ్చయ్య చనిపోయి తొమ్మిదేళ్ళయింది. రాజవ్వ ఉంది. నేనెవరినో గుర్తుపట్టింది. మంచినీళ్ళు ఇచ్చింది. నేను జరిగిందంతా చెప్పాను, పుస్తకాల సంగతితో సహా. చివరి దాకా విని, "గా ముచ్చట నాకెందుకు జెప్తున్నవ్ బిడ్డా? నాకెర్కలేదా, ఆయన జూపియ్యలేదని? ఎర్కలేనోళ్ళకు జెప్పుపో" అంది. లేచి పశువులకు నీళ్ళు పెట్టడానికి పోయింది. మళ్ళీ రాలేదు. చాలాసేపు కూర్చుని నేనే లేచి వచ్చాను.

తెలియనివాళ్ళకు చెబుతున్నాను.

దీన్ని నాలుగుసార్లు రాశాను. మొదటిసారి రాసినదాంట్లో లచ్చయ్య మహానుభావుడయ్యాడు. రెండోసారి నేను మహాపాపినయ్యాను. అదీ ఒక చరణమే, చదివినదే. మూడోసారి చివర్లో రాజవ్వ కన్నీళ్ళు తుడుచుకుని నా తల మీద చెయ్యి పెట్టింది. ఆమె పెట్టలేదు. కొట్టేశాను. ఇప్పుడు మిగిలింది బోసిగా ఉంది. ఉండనీ.

ఆ పాట పాడేవాళ్ళకు ఒక మాట. నాలుగో చరణం అబద్ధం. సాయిలును ఎవరూ చూపించలేదు. మోట దగ్గర ఉన్న లచ్చయ్య అతన్ని ఆపాలని చూశాడు. చేను కోసింది మేము. పాడితే అది తెలిసి పాడండి, లేదంటే మానేయండి.

రాసేశాను. కొంత ఊపిరి ఆడుతోంది. ఆ మాత్రం ఊపిరి నాకు తగునో లేదో తెలియదు.